పది సెకన్ల ఆయుష్షు: తుపాకీ బ్యారెల్ ఎలా అరుగుతుంది? గురి ఎప్పుడు తప్పుతుంది?

ఒక సైనిక రైఫిల్ పది వేల తూటాలు కాల్చి, ఇక పనికిరాదనిపించుకుని పక్కకు చేరిందనుకుందాం. మందు అంటుకున్నాక బుల్లెట్ బ్యారెల్ దాటి బయటపడటానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. అంటే సెకనులో వెయ్యో వంతు. పది వేల తూటాలకూ కలిపి లెక్కేస్తే, ఆ బ్యారెల్ లోపల అసలు పని జరిగింది పది సెకన్ల సేపే. ఏళ్ల తరబడి భుజాల మీద తిరిగిన ఆ ఉక్కు గొట్టాన్ని ముసలిదాన్ని చేసింది ఆ పది సెకన్లే.

అంత కొద్ది సేపట్లో గట్టి ఉక్కును తినేసేది బుల్లెట్ రాపిడేనని చాలామంది అనుకుంటారు. రాపిడి పాత్ర లేకపోలేదు గానీ అది చిన్నది. బుల్లెట్ పైతొడుగు రాగి మిశ్రమం, బ్యారెల్‌ది క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు. మెత్తనిది గట్టిదాన్ని అరగదీయాలంటే చాలా కాలం పడుతుంది. బ్యారెల్‌కు అసలు శత్రువు బుల్లెట్ వెనకాల వచ్చే మంట.

గాళ్లూ గట్లూ

రైఫిల్ బ్యారెల్ లోపలి గోడ నున్నగా ఉండదు. మెలికలు తిరుగుతూ సాగే గాళ్లు, వాటి మధ్య గట్లు ఉంటాయి. దీన్నే రైఫ్లింగ్ అంటారు. అమెరికా సైన్యం వాడిన ఎం16ఎ2 రైఫిల్‌ను తీసుకుంటే, అందులో ఆరు గాళ్లున్నాయి. ప్రతి ఏడు అంగుళాలకూ అవి ఒక పూర్తి చుట్టు తిరుగుతాయి. గట్ల మధ్య కొలిస్తే లోపలి వ్యాసం 5.56 మిల్లీమీటర్లు. గాళ్ల అడుగు నుంచి అడుగుకు కొలిస్తే దాదాపు 5.69. అంటే గట్టు ఎత్తు మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. బుల్లెట్‌ను పట్టి తిప్పే బాధ్యతంతా ఆ కాస్త గట్టుదే.

ఆ పట్టు ఎంత గట్టిదో వేగాన్ని చూస్తే తెలుస్తుంది. బుల్లెట్ సెకనుకు సుమారు 945 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. ఏడు అంగుళాలకు ఒక చుట్టు చొప్పున లెక్కిస్తే, అది సెకనుకు 5,300 సార్లు తన చుట్టూ తాను తిరుగుతోందన్నమాట. ఆ తిరుగుడే ముక్కును ముందుకు నిలిపి ఉంచుతుంది. తిరుగుడు చాలకపోతే బుల్లెట్ గాలిలో తూలుతుంది, పల్టీలు కొడుతుంది.

తూటా కూర్చునే గదిని చాంబర్ అంటారు. చాంబర్ అయిపోయి రైఫ్లింగ్ మొదలయ్యే చోట ఒక చిన్న వాలు ఉంటుంది. తుపాకులు బాగుచేసేవాళ్లు దాన్ని త్రోట్ అంటారు. తూటా నుంచి విడివడిన బుల్లెట్ మొదటిసారి గట్లను తాకేది అక్కడే. పీడనం శిఖరానికి చేరేది కూడా బుల్లెట్ ఇంకా ఆ దరిదాపుల్లో ఉండగానే. అది గాలి పీడనానికి నాలుగు వేల రెట్లకు పైమాట. వాయువుల వేడి 2,500 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. ఇనుము 1,538 డిగ్రీలకే కరుగుతుంది. బ్యారెల్ కరిగిపోకుండా నిలుస్తోందంటే, ఆ వేడి లోపలికి ఇంకడానికి వ్యవధి చాలకపోవడమే కారణం. అయినా పైపై పొర మాత్రం ప్రతి తూటాకూ దెబ్బ తింటూనే ఉంటుంది.

మందు మారితే గాడి మారింది

అరుగుదలకు కారణం రాపిడి కాదు, వేడి అని బ్రిటిష్ సైన్యానికి 19వ శతాబ్దం చివర్లో తెలిసొచ్చింది. 1888లో వాళ్లు లీ-మెట్‌ఫర్డ్ రైఫిల్‌ను తీసుకున్నారు. విలియం మెట్‌ఫర్డ్ రూపొందించిన దాని రైఫ్లింగ్‌లో గాళ్లు లోతు తక్కువ, అంచులు గుండ్రన. అప్పటి నల్లమందు మండితే మసి విపరీతంగా పేరుకునేది. మూలలు లేని గాళ్లయితే తుడవడం తేలిక. నల్లమందుకు ఆ అమరిక చక్కగా సరిపోయింది.

కొద్దికాలానికే కార్డైట్ అనే పొగలేని మందు వచ్చింది. మొదటి రకం కార్డైట్‌లో నైట్రోగ్లిజరిన్ 58 శాతం. అది చాలా వేడిగా మండేది. మెట్‌ఫర్డ్ లోతులేని గాళ్లు ఆ మంట ముందు నిలవలేక త్వరత్వరగా చెరిగిపోసాగాయి. బుల్లెట్ అదే, తుపాకీ అదే, మారింది మందొక్కటే. 1895 కల్లా ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ లోతైన, నిటారు అంచులున్న ఐదు గాళ్ల రైఫ్లింగ్‌ను తయారుచేసింది. మన పోలీసుల చేతుల్లో దశాబ్దాల పాటు కనిపించిన త్రీ నాట్ త్రీకి లీ-ఎన్‌ఫీల్డ్ అన్న పేరు అలా వచ్చిందే. మరోవైపు మందునూ చల్లబరిచారు. 1901లో వచ్చిన కార్డైట్ ఎండీలో నైట్రోగ్లిజరిన్‌ను 30 శాతానికి తగ్గించారు.

మంట ఉక్కును ఏం చేస్తుంది?

త్రోట్‌లో జరిగేది కేవలం వేడెక్కడం కాదు. మందు మండితే వచ్చే వాయువుల్లో కార్బన్ మోనాక్సైడ్ చాలా ఉంటుంది. అందులోని కార్బన్ వేడెక్కిన ఉక్కు పైపొరలోకి చొరబడుతుంది. కార్బన్ ఎక్కువైన ఇనుము తేలిగ్గా కరుగుతుంది. పోత ఇనుము సుమారు 1,150 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. ఉక్కుతో పోలిస్తే ఇది దాదాపు 300 డిగ్రీలు తక్కువ. అంటే మంట తన పని తేలికయ్యేలా గోడ రసాయనాన్నే మార్చేస్తుంది. ఆ మారిన పొర పెళుసుగా తయారవుతుంది, తర్వాతి తూటాల ధాటికి కొంచెం కొంచెంగా కొట్టుకుపోతుంది.

దీనికి తోడు సాగడం, కుంచించుకోవడం. ఒక్క మిల్లీసెకనులో పైపొర వందల డిగ్రీలు వేడెక్కి వ్యాకోచిస్తుంది. దాని కిందున్న ఉక్కు చల్లగా ఉండి దాన్ని కదలనివ్వదు. వెంటనే వేడి లోపలికి పాకి పైపొర చల్లారి కుంచించుకుంటుంది. వేలసార్లు ఇలా జరిగాక గోడ మీద సన్నని పగుళ్లు వల అల్లుకుంటాయి. బ్యారెల్‌లోకి పంపే సన్నని కెమెరాతో చూస్తే త్రోట్ ప్రాంతం వేసవిలో నెర్రెలిచ్చిన చెరువు అడుగులా కనిపిస్తుంది. ప్రతి పగులు అంచూ తర్వాతి మంటకు రెండు వైపుల నుంచి చిక్కుతుంది. అంచులు గుండ్రబడతాయి, పలకలు ఊడతాయి, గట్లు మొదలయ్యే చోటు ముందుకు జరిగిపోతుంది.

అందుకే బ్యారెల్ పొడవునా ఒకేలా అరగదు. ముసలి బ్యారెల్‌ను నిలువుగా కోసి చూస్తే మొదటి కొన్ని అంగుళాల్లో గట్లు దాదాపు మాయమై ఉంటాయి. మధ్య భాగం మాత్రం కొత్తదానిలాగే ఉండొచ్చు.

మందు ఎంత, అది ఎంత సన్నని దారిలో దూరాలి అన్న నిష్పత్తి ఇక్కడ కీలకం. వేటగాళ్లు, పోటీ షూటర్లు వాడే .308 తూటా గొట్టాన్నే మూతి దగ్గర సన్నం చేసి .243 తూటాను రూపొందించారు. లోపల పట్టే మందు రెంటిలోనూ ఇంచుమించు ఒకటే, కానీ రెండోదానిలో ఆ మంటంతా ఇంకా ఇరుకైన కన్నంలోంచి పోవాలి. .308 పోటీ బ్యారెల్ నుంచి షూటర్లు ఐదు వేల తూటాల దాకా మంచి గురి ఆశిస్తారు. .243 రెండు వేలలోపే అలసిపోవడం మామూలు.

ఎన్ని కాల్చారు కాదు, ఎంత తొందరగా

పైపొర మీద మెరుపులా వచ్చిపోయే వేడి ఒకటి. బ్యారెల్ మొత్తంలో మెల్లగా పేరుకునే వేడి ఇంకొకటి. ఈ రెండోదాన్ని లెక్కలోకి తీసుకోకపోతే బ్యారెల్ ఆయుష్షు అంతుపట్టదు. చల్లని బ్యారెల్‌లో ప్రతి తూటా పైపొర వేడిని 30 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి పైకి తీసుకెళుతుంది. ఆగకుండా కాల్చి బ్యారెల్ 400 డిగ్రీలకు చేరితే ప్రతి మెరుపూ అక్కడి నుంచే మొదలవుతుంది. ఉక్కు స్వభావం మారిపోయే హద్దును ప్రతిసారీ దాటుతుంది. అందువల్ల నెమ్మదిగా కాల్చిన వెయ్యి తూటాలూ, ఆపకుండా కాల్చిన వెయ్యి తూటాలూ ఒకటి కావు.

ఎం16, దాని పొట్టి రూపమైన ఎం4 రైఫిళ్లను నిమిషానికి 12 నుంచి 15 తూటాల చొప్పున ఎంతసేపైనా కాల్చవచ్చని అమెరికా సైనిక మాన్యువల్ చెబుతుంది. ఆ హద్దు మీరితే ఏమవుతుందో 1996లో పరీక్షించి చూశారు. ఎం4ఎ1ను పూర్తి ఆటోమేటిక్‌లో, మ్యాగజీన్ వెంట మ్యాగజీన్ మారుస్తూ కాల్చారు. ఐదు వందల పైచిలుకు తూటాల దగ్గర బ్యారెల్ బద్దలైంది. అక్కడ రైఫ్లింగ్ అరిగే వ్యవధి కూడా లేదు. ఎర్రగా కాలిన ఉక్కు పీడనాన్ని తట్టుకునే బలమే కోల్పోయింది.

మెషిన్‌గన్లకు ఈ బాధ ఎప్పుడూ ఉండేదే కాబట్టి వాటి బ్యారెళ్లు చేత్తో మార్చేలా చేస్తారు. ఎం240 మెషిన్‌గన్‌తో నిమిషానికి 100 చొప్పున కాలిస్తే పది నిమిషాలకోసారి బ్యారెల్ మార్చాలని నియమం. 200 చొప్పున కాలిస్తే రెండు నిమిషాలకే మార్చాలి. వేగం రెట్టింపైతే గడువు సగం కాలేదు, ఐదో వంతుకు పడిపోయింది.

క్రోమ్ వచ్చింది తుప్పు కోసం

బ్యారెల్ లోపల క్రోమియం పూత వేయడం కొత్త సంగతేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యపు టైప్ 99 అరిసాకా రైఫిల్‌కు ఆ పూత ఉంది. సోవియట్ ఏకే-47కీ, అమెరికా ఎం14కీ ఉంది. ఎం14 స్థానంలో వియత్నాంకు వెళ్లిన తొలి ఎం16లకు మాత్రం లేదు.

ఫలితం త్వరలోనే తెలిసింది. అడవి తేమకు చాంబర్ గోడల మీద తుప్పు గుంటలు పడ్డాయి. కాల్చినప్పుడు ఇత్తడి ఖోళం ఉబ్బి ఆ గుంటల్లోకి అదుముకుపోయి బయటికి రాకుండా ఇరుక్కునేది. మందు రకం మార్చడం, శుభ్రం చేసే సామగ్రి చాలినంత అందకపోవడం పరిస్థితిని ఇంకా దిగజార్చాయి. సైనికులు పొడవాటి కడ్డీని ముందువైపు నుంచి దూర్చి, ఇరుక్కున్న ఖోళాన్ని పొడిచి తీయాల్సి వచ్చింది. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం దీనిపై విచారణ జరిపింది. అదే ఏడాది చాంబర్‌కు క్రోమ్ పూత మొదలైంది. 1970ల తొలినాళ్లకు అది బ్యారెల్ పొడవునా వచ్చింది.

పూత వేసే పద్ధతి ఇది. ముందుగా బ్యారెల్ లోపలి వ్యాసాన్ని పూత మందానికి సరిపడా కాస్త పెద్దదిగా చేస్తారు. గొట్టం మధ్యలో ఒక లోహపు కడ్డీని నిలిపి క్రోమిక్ ఆమ్ల ద్రావణాన్ని నింపుతారు. విద్యుత్ ప్రసరింపజేస్తే క్రోమియం గోడ మీద పేరుకుంటుంది. మందం రైఫిల్ బ్యారెల్‌లో మిల్లీమీటరులో వందో వంతు, రెండు వంతుల ప్రాంతం. కడ్డీ ఏ మాత్రం పక్కకు జరిగినా ఒకవైపు పూత ఎక్కువ, మరోవైపు తక్కువ పడుతుంది. 5.56 మిల్లీమీటర్ల సన్నని గొట్టంలో దీన్ని సరిగ్గా చేయడం మొదట్లో చాలా కష్టమైంది.

తుప్పు కోసం వచ్చిన ఈ పూత వేడి విషయంలోనూ అక్కరకొచ్చింది. క్రోమియం 1,907 డిగ్రీల దాకా కరగదు. కార్బన్‌ను ఇనుములాగా అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. చాలా గట్టిది కాబట్టి రాపిడినీ ఓర్చుకుంటుంది. పూత నిలిచినంత కాలం కింద ఉక్కు మంటను నేరుగా చూడదు.

అయితే పూతలోనే దాని చావు కూడా ఉంది. గట్టి క్రోమియం పేరుకునేటప్పుడే లోపల బిగువు ఏర్పడి, కంటికి కనిపించని పగుళ్లు పడతాయి. కాల్చేకొద్దీ అవి వెడల్పవుతాయి. వేడి వాయువులు వాటి సందుల్లోంచి దిగి కింది ఉక్కును తినడం మొదలుపెడతాయి. పైన క్రోమ్ చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది, కింద పునాది గుల్లవుతూ ఉంటుంది. ఒకరోజు చిన్న పెచ్చు ఊడుతుంది. ఆ ఖాళీ అంచు నుంచి పక్క పెచ్చులూ లేస్తాయి.

పూత లేని బ్యారెల్‌లో గురి మెల్లమెల్లగా చెడుతుంది. క్రోమ్ బ్యారెల్‌లో వేల తూటాల వరకు పెద్దగా మార్పు కనిపించదు. పెచ్చులు ఊడటం మొదలయ్యాక పతనం వేగంగా సాగుతుంది. నిన్నటి దాకా బాగానే ఉన్న రైఫిల్ ఒక్కసారిగా పాడైందని సైనికుడు అనుకోవడానికి కారణం ఇదే. మెషిన్‌గన్ల కోసం ఇంకాస్త ముందుకెళ్లారు. అమెరికా ఎం60, ఎం2 మెషిన్‌గన్ల బ్యారెళ్లలో చాంబర్ ముందున్న కొన్ని అంగుళాల మేర స్టెల్లైట్ అనే కోబాల్ట్-క్రోమియం మిశ్రమంతో చేసిన లోపలి తొడుగును బిగించారు.

పోటీ షూటర్లకు క్రోమ్ ఎందుకు వద్దు?

ఇన్ని లాభాలున్నా ఒలింపిక్ స్థాయి షూటర్లు, దూరపు గురి పోటీల వాళ్లు క్రోమ్ బ్యారెళ్ల జోలికి పోరు. నిపుణుడి చేతిలో నునుపు చేసిన స్టెయిన్‌లెస్ స్టీల్ గోడ కొలతలు మైక్రాన్ల లెక్కన ఒకేలా ఉంటాయి. పూత వేస్తే పదునైన అంచుల దగ్గర ఎక్కువ పేరుకుని ఆ సమానత్వం పోతుంది. వంద మీటర్ల దూరంలో ఐదారు సెంటీమీటర్ల వలయంలో గుళ్లు పడితే సైనికుడికి ఫరవాలేదు. పోటీ షూటర్‌కు ఆ వలయం సెంటీమీటరున్నరకు మించితే కష్టం.

పైగా అన్ని తుపాకులకూ ఈ రక్షణ అవసరం లేదు. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఎయిర్ రైఫిల్‌తో. అందులో మందూ లేదు, మంటా లేదు. అక్కడే ఆయన 50 మీటర్ల పోటీల్లో వాడిన .22 రైఫిల్ తూటాలో గ్రాములో పదో వంతు అటూఇటుగా మందుంటుంది. సైనిక 5.56 తూటాలో దాదాపు 1.7 గ్రాములు. .22లో బుల్లెట్ మెత్తని సీసం, పీడనం సగం కూడా ఉండదు. పూత లేకపోయినా అలాంటి బ్యారెళ్లు పదుల వేల తూటాలు తట్టుకుంటాయి.

గురి తప్పుతోందని తెలిసేదెలా?

మొదటి ఆనవాలు బుల్లెట్ వేగంలో కనిపిస్తుంది. త్రోట్ ముందుకు జరిగితే బుల్లెట్ గట్లను తాకేలోపు ఎక్కువ దూరం ఊరికే దూకాలి. అరిగిన గోడల సందుల్లోంచి వాయువు ముందుకు జారుకుంటుంది. దాంతో సగటు వేగం తగ్గుతుంది. అంతకన్నా చెడ్డ సంగతి, ఒక తూటాకూ ఇంకో తూటాకూ వేగంలో తేడా పెరుగుతుంది.

ఆ తేడా చేసే పని ఒక .308 రైఫిల్‌లో చూద్దాం. బుల్లెట్ వేగం సెకనుకు 800 మీటర్లు. బ్యారెల్ కొత్తగా ఉన్నప్పుడు తూటాల మధ్య తేడా నాలుగైదు మీటర్లు మించేది కాదు. ఇప్పుడు ఒక్కో బుల్లెట్ 15 మీటర్లు తక్కువ వేగంతో వస్తోంది. వంద మీటర్ల దూరంలో అది మిగతావాటికన్నా కిందపడేది మూడు మిల్లీమీటర్ల ప్రాంతమే. లక్ష్యపు కాగితం మీద ఎవరూ గుర్తుపట్టలేరు. ఆరు వందల మీటర్ల దగ్గర అదే తేడా సుమారు 15 సెంటీమీటర్లవుతుంది. గాలి లేని రోజున కూడా గుళ్లు అడ్డంగా కాక నిలువుగా చెదరడం మొదలైతే అనుభవమున్న షూటర్ ముందు త్రోట్‌నే అనుమానిస్తాడు. వంద మీటర్లకు కాల్చేవాడికి ఇంకా ఏడాది పనికొచ్చే బ్యారెల్ ఆరు వందల మీటర్లకు కాల్చేవాడి చేతిలో అప్పటికే చచ్చినట్టు.

తొందరపడి తీర్మానించకూడదు కూడా. గోడకు అంటుకున్న రాగి, గట్టిపడ్డ మసి కూడా గుళ్లను చెదరగొడతాయి. బాగా శుభ్రం చేసి మళ్లీ కాలిస్తే ఆ చెదురు పోతుంది. అరుగుదల వల్ల వచ్చిన చెదురు పోదు. ముందు చివర అంచు దెబ్బతిన్నా అదే లక్షణం కనిపిస్తుంది, ఎందుకంటే బుల్లెట్ చివరగా వదిలేది ఆ అంచునే. త్రీ నాట్ త్రీ రోజుల్లో శుభ్రం చేసే తాడును ఏటవాలుగా లాగి లాగి ఆ అంచును అరగదీసిన రైఫిళ్లు బోలెడు. అలాంటి వాటిలో త్రోట్ బాగానే ఉంటుంది. చివర కొద్దిగా కోసి అంచును కొత్తగా తీర్చితే గురి తిరిగొస్తుంది.

సైన్యాలు ఊహల మీద ఆధారపడవు. చాంబర్ వైపు నుంచి ఒక కొలత కడ్డీని దూరుస్తారు. త్రోట్ అరిగినకొద్దీ అది లోతుకు దిగుతుంది. గీసిన గీత దాటితే బ్యారెల్ తీసేయాల్సిందే. కాల్చి చూసే పరీక్షల్లో గుళ్లు చెదిరే వలయం, వేగం తగ్గుదలతో పాటు కాగితం మీది రంధ్రం ఆకారాన్నీ చూస్తారు. గట్లు పట్టు తప్పితే బుల్లెట్ చాలినంత తిరగదు, పక్కకు వాలి కాగితాన్ని చీలుస్తుంది. రంధ్రం గుండ్రంగా కాక తాళపుచెవి రంధ్రంలా పొడుగ్గా కనిపిస్తుంది. అప్పటికి ఆ బ్యారెల్ పని పూర్తిగా అయిపోయినట్టే.

పూత లేని పోటీ బ్యారెల్‌కైతే ఒక్కోసారి ఇంకో అవకాశం ఉంటుంది. మధ్య భాగం ఇంకా బాగానే ఉంటుంది కాబట్టి, తుపాకులు బాగుచేసే నిపుణుడు వెనకవైపు ఒక అంగుళం పైన కోసేసి, కొత్త చాంబర్, కొత్త త్రోట్ తొలుస్తాడు. మరికొన్ని వందల తూటాల ఆయుష్షు దొరుకుతుంది. క్రోమ్ బ్యారెల్‌కు ఆ వీలు లేదు. చాంబర్ తొలిచే పనిముట్టు అంత గట్టి పూత మీద మొండిబారుతుంది. ఒకవేళ తొలిచినా కొత్త త్రోట్ దగ్గర పూత పోయి ఉత్త ఉక్కు తేలుతుంది, మంట నేరుగా దాని మీదే పడుతుంది. అందుకే సైన్యాల మరమ్మతు కేంద్రాల్లో అరిగిన క్రోమ్ బ్యారెల్‌ను బాగుచేయాలని చూడరు. విప్పేసి కొత్తది బిగిస్తారు.